ఫోటో పోటీ ఎంట్రీలో ఆకాశం మార్చారా, జంతువును అతికించారా? జడ్జి చూడాల్సిన పద్ధతి

ఫోటో పోటీలకు కొత్తగా జడ్జిగా కూర్చునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఈ ఆకాశం అసలుదేనా అని ఎలా చెప్పాలి?" కొన్నాళ్లకు ప్రశ్న కాస్త మారి "ఆ పక్షి అక్కడ నిజంగా ఉందా?" అవుతుంది. "ఎడిటింగ్ మరీ ఎక్కువైందని ఎక్కడ ఆపాలి?" అనేది ఆ తర్వాత వస్తుంది. మూడింటికీ ఒకే క్రమంలో వెళ్లొచ్చు. ముందు ఫోటోలోనే అనుమానం ఎక్కడుందో చూడాలి, తర్వాత రా ఫైల్‌తో తేల్చాలి. అనుమానం దగ్గరే ఆగి ఎంట్రీని కొట్టేయకూడదు. అనుమానం లేదు కదా అని రా ఫైల్ చూడకుండా బహుమతి కూడా ఇవ్వకూడదు.

ఇదంతా ల్యాండ్‌స్కేప్, నేచర్, వైల్డ్‌లైఫ్ లాంటి విభాగాలకు. క్రియేటివ్ లేదా ఓపెన్ విభాగంలో కాంపోజిట్‌కు అనుమతి ఉంటే ఈ తంటా అక్కర్లేదు.

కావలసినవి

- పోటీ నియమాల కాపీ, ఆ విభాగానికి సంబంధించిన పేరా. ఎక్స్‌పోజర్ బ్లెండింగ్, పనోరమా, ఫోకస్ స్టాకింగ్‌లలో దేనికి అనుమతి ఉందో ముందే గుర్తుపెట్టుకోండి.
- పూర్తి సైజు ఎంట్రీ ఫైల్. వెబ్ కోసం కుదించిన కాపీ మీద ఏదీ తేల్చలేం.
- రంగులు సరిగా చూపించే మానిటర్. ఫోన్‌లో జడ్జ్ చేయొద్దు.
- రా ఫైళ్లు తెరిచే ఏదైనా సాఫ్ట్‌వేర్, ఫైల్ లోపలి సమాచారం చూపించే `exiftool` అనే ఉచిత ప్రోగ్రామ్.
- చివరి వడపోతకు వచ్చినవాళ్ల రా ఫైళ్లు. ఒక్క ఫ్రేమ్ కాదు, దాని ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా.

కింద ప్రతి మెట్టుకీ ఒకే ఉదాహరణ వాడుతాను. ఇది ఊహించుకున్న ఎంట్రీ, కానీ ఇలాంటివి తరచూ వస్తాయి. ఒక సరస్సు, సూర్యాస్తమయం. ఆకాశమంతా ఎర్రటి మేఘాలు, పైన నెలవంక. ఎడమ పక్కన ఆకులు రాలిన చెట్టు, దూరంగా పడవలో నిలబడ్డ మనిషి, ముందు నీళ్లలో ఒక నారాయణ పక్షి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24 ఎంఎం లెన్స్, 2 సెకన్ల ఎక్స్‌పోజర్, 6000 పిక్సెళ్ల వెడల్పు.

1. ముందు జూమ్ చేయకండి. వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడండి

అందరూ చేసే మొదటి పొరపాటు నేరుగా 300 శాతం జూమ్‌కి వెళ్లి అంచులు వెతకడం. ఫోటో మొత్తం స్క్రీన్ మీద కనిపించేలా పెట్టి, ఆకాశాన్ని చేత్తో మూసి, నేలను మాత్రమే చూడండి. ఈ నేల మీద పడిన వెలుగును బట్టి సూర్యుడు ఎక్కడ ఉండాలి? ఇప్పుడు నేలను మూసి ఆకాశాన్ని చూడండి. రెండు జవాబులూ కలవాలి.

మన ఉదాహరణలో ఎర్రటి వెలుగు కుడివైపు దిగువన ఉంది. చెట్టు కాండం మాత్రం ఎడమవైపు వెలుగుతోంది. ఇది మొదటి అనుమానం. 2012లో బ్రిటన్‌లోని ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో లిండిస్‌ఫార్న్ పడవల ఫోటోకు మొదటి బహుమతి ప్రకటించాక వెనక్కి తీసుకున్నారు. మేఘాలు తర్వాత కలిపినట్టు ఆ ఫోటోగ్రాఫరే చెప్పారు. ఫలితాలు వచ్చాక చూసినవాళ్లు పట్టుకున్నదాన్ని ఫలితాలకు ముందు జడ్జీలు పట్టుకుంటే ఎవరికీ ఆ తలనొప్పి ఉండేది కాదు.

నీళ్లుంటే మీ పని ఇంకా తేలిక. నిశ్చలంగా ఉన్న నీళ్లలో, అవతలి ఒడ్డుకు దగ్గరి భాగం ఆకాశం దిగువను చూపిస్తుంది, మీ కాళ్ల దగ్గరి నీళ్లు ఆకాశం పైభాగాన్ని చూపిస్తాయి. కాబట్టి దిగువన ఎర్రగా మండుతున్న ఆకాశం ఉంటే, ఆ ఎరుపు అవతలి ఒడ్డు ముందున్న నీళ్లలో కనబడాలి. ప్రతిబింబం కాస్త ముదురుగా ఉండటం సహజం. అసలు రంగే వేరుగా ఉండటం సహజం కాదు. పైన ఎరుపు, కింద నీళ్లు పాలిపోయిన నీలం అంటే ఆకాశం మార్చి నీళ్లను మర్చిపోయారన్నమాట. గాలికి నీళ్లు కదులుతుంటే ఈ పరీక్ష బలహీనపడుతుంది, గుర్తుంచుకోండి.

2. మేఘాల వరుస, చంద్రుడి సైజు

మేఘాలు దిగంతం వైపు వెళ్లేకొద్దీ చిన్నవిగా, పలచటి పొరల్లా, దగ్గరదగ్గరగా కనిపించాలి. ఎందుకంటే అవి మనకు దూరంగా ఉన్న మేఘాలు. నడినెత్తిన ఉన్నవి పెద్దగా కనిపిస్తాయి. 24 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌లో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. టెలీ లెన్స్‌తో తీసిన ఆకాశాన్ని తెచ్చి వైడ్ ఫోటో మీద పెడితే, దిగంతాన్ని ఆనుకుని కూడా పెద్ద పెద్ద మేఘాలే ఉంటాయి.

చంద్రుడైతే లెక్కకే దొరుకుతాడు. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగిస్తే సెన్సార్ మీద చంద్రుడి వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 24ని 110తో భాగిస్తే 0.22 ఎంఎం. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36 ఎంఎం వెడల్పుకు 6000 పిక్సెళ్లంటే ఒక్కో ఎంఎంకి 167 పిక్సెళ్లు. అంటే చంద్రుడు 36 పిక్సెళ్లు ఉండాలి. మన ఎంట్రీలో నెలవంకను ఒక కొన నుంచి ఇంకో కొనకు కొలిస్తే 180 వచ్చింది. అయిదింతలు.

ఇక్కడే తొందరపడొద్దు. ఫోటోను సగానికి క్రాప్ చేసి మళ్లీ 6000కి పెంచితే చంద్రుడు 72 పిక్సెళ్లవుతాడు. అయిదింతలు కావాలంటే ఫ్రేమ్ వెడల్పులో అయిదో వంతే మిగిలేలా క్రాప్ చేయాలి. అంత క్రాప్ చేసిన ఫోటోలో ఆకులూ కొమ్మలూ ఇంత స్పష్టంగా ఉండవు. అయినా ఇది అనుమానమే, తీర్పు రా ఫైల్ చూశాకే. ఇంకోటి: నెలవంకలో వెలిగే వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. సూర్యుడు అస్తమించిన చోటికి వీపు పెట్టిన నెలవంక కనిపిస్తే ఇక లెక్కలతో పని లేదు.

3. ఇప్పుడు జూమ్: కొమ్మల సందులు

200 శాతానికి వెళ్లి ఆకులు లేని కొమ్మల దగ్గర ఆగండి. ఆకాశం మార్చిన ఫోటోలో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. మాస్క్ పెద్ద కొమ్మల చుట్టూ చక్కగా పడుతుంది. సన్నటి పుల్లల మధ్య చిన్న చిన్న సందుల్లో మాత్రం పాత ఆకాశం మిగిలిపోతుంది. చుట్టూ ఎరుపు, సందులో తెల్లటి మచ్చ. లేదంటే పుల్లల చివర్లు మధ్యలోనే మాయమైపోతాయి.

చెట్టు అంచు వెంట తెల్లటి గీత కనిపించగానే "దొరికాడు" అనుకోవడం రెండో పెద్ద పొరపాటు. షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టినా అలాంటి గీతే వస్తుంది. తేడా ఇలా చూడండి. షార్పెనింగ్ వల్ల వచ్చిన గీత అన్ని అంచుల చుట్టూ ఒకే మందంలో ఉంటుంది, నేల మీది రాళ్లు, పడవ అంచుల దగ్గర కూడా కనబడుతుంది. ఆకాశం మార్చడం వల్ల వచ్చింది ఆకాశం తగిలే చోట మాత్రమే, అదీ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది.

నాయిస్ కూడా చూడండి. చెట్టు, కొండ మీద గింజగింజగా ఉండి, ఆకాశం గాజులా నున్నగా ఉంటే ప్రశ్న వేయాలి. అయితే చాలామంది ఆకాశానికి మాత్రమే నాయిస్ తగ్గిస్తారు. కాబట్టి ఇది ఒక్కటే పెట్టుకుని ముందుకు వెళ్లకండి.

మరో హెచ్చరిక. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడితే కొండ శిఖరం, చెట్టు పైభాగం కూడా ఆకాశంతోపాటు నల్లబడతాయి. వైడ్ లెన్స్ మీద పోలరైజర్ పెడితే ఆకాశం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలం అవుతుంది. రెండూ మోసం కాదు.

4. జంతువు ఎత్తును దిగంతంతో కొలవండి

అతికించిన జంతువు విషయంలో అంచులు వెతకడం కంటే ఇది నాకు బాగా పనికొస్తుంది. సూత్రం చిన్నదే: సమతలం మీద తీసిన ఫోటోలో, కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దిగంతం ప్రతి వస్తువునూ అదే ఎత్తులో కోస్తుంది. వస్తువు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా అంతే. సరస్సు నీటి మట్టం కంటే మంచి సమతలం ఏముంటుంది?

మన ఫోటోలో పడవలో నిలబడ్డ మనిషిని దిగంతం భుజాలకు కాస్త కింద కోస్తోంది. అంటే కెమెరా నీటి మట్టానికి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంది. నారాయణ పక్షి నిలబడితే మీటరుకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. కాబట్టి దాని తల, పాదాల నుంచి దిగంతం వరకు ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర ఆగాలి. ఎంట్రీలో తల దిగంతాన్ని దాటి పైకి పొడుచుకొచ్చింది. అంటే ఈ పక్షి మీటరున్నర కంటే పొడవుండాలి, లేదా మనిషిని తీసిన ఎత్తులో పక్షిని తీయలేదు. ఎలాగూ ఒకే ఫ్రేమ్ కాదు.

ఫోటోగ్రాఫర్ బోర్లా పడుకుని తీస్తే? అప్పుడు పక్షి తల దిగంతం పైకి రావడం న్యాయమే. కానీ అప్పుడు మనిషిని కూడా దిగంతం మోకాళ్ల దగ్గరే కోయాలి. అందుకే ఒక్క వస్తువుతో కొలవకుండా రెండింటిని పోల్చండి. కొండ వాలు, ఎగుడుదిగుడు నేల మీద మాత్రం ఈ లెక్క పనికిరాదు.

తర్వాత పాదాల దగ్గర చూడండి. నీళ్లలో దిగిన కాళ్ల చుట్టూ నీటి ఉపరితలం కాస్త వంగి కనబడాలి. గడ్డిలో అయితే కొన్ని గడ్డిపోచలు కాళ్ల ముందుకు రావాలి. అతికించిన కాళ్లు గడ్డి మీద తేలుతాయి. ప్రతిబింబం కూడా పక్షిని తలకిందులు చేసినట్టు అచ్చంగా ఉండకూడదు. కెమెరా పైనుంచి చూస్తుంది, నీళ్లు కింద నుంచి చూస్తాయి. అందుకే పక్షి వీపు కనబడే ఫోటోలో కూడా ప్రతిబింబంలో పొట్ట ఎక్కువ కనబడాలి. పక్షి ఎంత దగ్గరుంటే ఈ తేడా అంత స్పష్టం. ప్రతిబింబంలోనూ అదే వీపు, అవే ఈకలు కనిపిస్తే ఎవరో లేయర్‌ను తిప్పి పెట్టారు.

షట్టర్ సంగతి కూడా చూడాలి. మన ఎంట్రీ 2 సెకన్లది. నీళ్లు పాలలా నున్నగా మారాయి, పక్షి ఈకలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఇది రుజువు కాదు, ఎందుకంటే వేటకు నిలబడిన కొంగ 2 సెకన్లు రాయిలా ఉండగలదు. అదే ఫోటోలో ఎగిరే పక్షుల గుంపు రెక్కలు స్పష్టంగా కనిపిస్తే, అది ఆ ఎక్స్‌పోజర్‌లో వచ్చింది కాదు.

5. ఫైల్ లోపలి సమాచారం

ఎంట్రీ ఉన్న ఫోల్డర్‌లో ఈ కమాండ్ ఇవ్వండి:

```
exiftool -a -G1 -s entry.jpg
```

చాలా వరుసలు వస్తాయి, అన్నీ చదవక్కర్లేదు. ఫోకల్ లెంగ్త్, షట్టర్, తీసిన తేదీ నోట్ చేసుకోండి. పైన చేసిన లెక్కలకు ఇవే కావాలి. తర్వాత `DocumentAncestors` అనే వరుస ఉందేమో చూడండి. ఫోటోషాప్‌లో వేరే ఫైల్ నుంచి ఏదైనా తెచ్చి అతికిస్తే ఆ ఫైల్ గుర్తు ఇక్కడ పడే అవకాశం ఉంది. వాటర్‌మార్క్ లాంటిది అతికించినా పడొచ్చు. కాబట్టి ఇది "అడగాలి" అని చెబుతుందే గానీ "తప్పు చేశాడు" అని చెప్పదు. అసలు సమాచారమే లేకపోయినా తప్పు పట్టలేం. ఫైల్ సేవ్ చేసేటప్పుడు, పంపేటప్పుడు అది ఊరికే పోతుంది.

ఫోటోను అప్‌లోడ్ చేస్తే రంగురంగుల మచ్చలతో "ఎడిట్ చేసిన చోట్లు" చూపించే ఎర్రర్ లెవెల్ అనాలిసిస్ సైట్లుంటాయి. వాటి మీద ఆధారపడకండి. ఎక్కువ వివరం ఉన్న అంచులు, రెండుమూడుసార్లు సేవ్ చేసిన ఫైళ్లు ఏ మోసం లేకపోయినా మెరుస్తాయి.

6. రా ఫైల్ తెప్పించుకుని పోల్చండి

మొదటి మూడు స్థానాలకే కాకుండా, బహుమతికి దగ్గరగా ఉన్న అందరి రా ఫైళ్లూ ఒకేసారి అడగండి. ఒక్కరినే అడిగితే ఆ మనిషికి టెన్షన్, మీకు మొహమాటం. ఎంట్రీ ఫ్రేమ్‌తోపాటు దాని ముందు, వెనక కనీసం రెండేసి ఫ్రేములు కావాలని రాయండి.

తెరిచాక అన్ని సర్దుబాట్లనూ సున్నాకు తెచ్చి, ఎంట్రీలో చేసినట్టే క్రాప్ చేయండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, పై లేయర్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ చూడండి. వెలుగు, రంగు మారడం ఫరవాలేదు. ఏదైనా వస్తువు పుట్టినా, మాయమైనా, పక్కకు జరిగినా కన్ను వెంటనే పట్టేస్తుంది. మూలలను వేరుగా చూడండి, చెత్త డబ్బాలు, కరెంటు తీగలు తీసేసేది అక్కడే.

రా ఫైల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి మూడు అడ్డంకులున్నాయి. ఒకటి, `DNG` ఫైల్ కెమెరా నుంచే రానక్కర్లేదు, ఎడిట్ చేసిన బొమ్మను కూడా ఆ రూపంలో సేవ్ చేయొచ్చు. కెమెరా సొంత ఫార్మాట్ ఉన్నప్పుడు దాన్నే అడగండి. రెండు, కొన్ని కెమెరాలు మల్టిపుల్ ఎక్స్‌పోజర్‌ను లోపలే కలిపి రా ఫైల్‌గా రాస్తాయి. రా ఫైల్ మీద `exiftool` ఇచ్చి, ఫలితంలో `MultiExposure` లేదా `MultiExposureMode` అనే వరుస ఉంటే అది `Off` కాకుండా ఇంకేదైనా చూపిస్తుందేమో చూడండి.

మూడోదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టలేదు: జంతువును ఫైల్‌లో కాకుండా నేల మీదే పెట్టడం. 2017 వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో బహుమతి పొందిన ఒక ఫోటోలో, రాత్రిపూట మెరిసే చెదపుట్ట దగ్గర జెయింట్ యాంట్ఈటర్ కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని ఎమాస్ జాతీయ పార్కులో తీసింది. ఆ పార్కు ప్రవేశం దగ్గర ప్రదర్శనకు పెట్టిన, చర్మంలో గడ్డి కూరి నిలబెట్టిన జంతువే ఇదని ఫిర్యాదు వచ్చింది. అయిదుగురు శాస్త్రవేత్తలు విడివిడిగా పరిశీలించి, చర్మం మీది గుర్తులు, నిలబడిన తీరు, లేచి ఉన్న వెంట్రుకల కుచ్చులు ఇంతగా కలవడం రెండు వేరు జంతువులకు సాధ్యం కాదన్నారు. 2018 ఏప్రిల్‌లో ఫోటోను అనర్హం చేశారు. ఫోటోగ్రాఫర్ ఆరోపణను ఒప్పుకోలేదు. ముందు, వెనక తీసిన రా ఫైళ్లు ఇచ్చారు గానీ, వాటిలో ఒక్కదాంట్లోనూ ఆ జంతువు లేదు. పక్క ఫ్రేములు అడగమన్నది ఇందుకే. బతికున్న జంతువు ఒక్క ఫ్రేమ్‌లోనే కనిపించొచ్చు, నిజమే. కానీ కనిపించిన కొద్దిసేపట్లో ఫోటోగ్రాఫర్ ఒకే ఒక్కసారి షట్టర్ నొక్కి ఊరుకోవడం అరుదు. భంగిమ మారిన రెండో ఫ్రేమ్ ఉంటే సగం అనుమానం తీరిపోతుంది.

7. "మరీ ఎక్కువైంది" అనేదాన్ని ఎలా తేల్చాలి

ఇందులోనే జడ్జీల మధ్య గొడవలొస్తాయి, ఎందుకంటే ఇది కొంతవరకు రుచికి సంబంధించింది. "నాకు నచ్చలేదు" వేరు, "నియమం దాటింది" వేరు. నచ్చకపోతే మార్కులు తగ్గించండి, అంతే. అనర్హం చేయాలంటే రా ఫైల్‌తో ఒక పరీక్ష చేయండి.

రా ఫైల్‌ను తీసుకుని మీరే రెండు మూడు నిమిషాల్లో మామూలుగా ఎడిట్ చేయండి: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్ట్, కొంచెం రంగు. ఎంట్రీకి దగ్గరకొచ్చిందా? వస్తే సమస్య లేదు, మీకది కాస్త ఘాటుగా అనిపించినా సరే. రాకపోతే ఏం చేస్తే వస్తుందో చూడండి. నీడలో ఉన్న పక్కను వెలిగించి సూర్యుడి దిశే మార్చాల్సి వస్తోందా? వెనక ఉన్న మనిషి కనబడనంతగా ఒక మూలను నల్లగా చేయాల్సి వస్తోందా? మొదటిది వెలుగును కల్పించడం, రెండోది వస్తువును తీసేయడం. స్లైడర్‌తో చేశారా, క్లోన్ టూల్‌తో చేశారా అన్నది అనవసరం. 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరికి ముందు రౌండ్ వరకు వచ్చిన ఫోటోల్లో సుమారు 20 శాతం ఈ రా ఫైల్ పరిశీలనలోనే బయటికి వెళ్లాయి.

రా ఫైల్ లేకుండా కనబడే గుర్తులూ ఉన్నాయి. చెట్ల చుట్టూ వెలుగు వలయాలు, ఆకాశంలో మెట్లుమెట్లుగా విడిపోయిన రంగు, ఈకల వివరం పోయి ముద్దగా మారిన ఎరుపు. ఇవి మార్కులు తగ్గించడానికి చాలు, అనర్హతకు చాలవు.

8. నిర్ణయం రాసేటప్పుడు

"ఆకాశం నకిలీ" అని రాయకండి. చూసింది రాయండి: "రా ఫైల్‌లో ఆకాశం మేఘాల్లేకుండా ఉంది, ఎంట్రీలో మేఘాలున్నాయి, ఈ విభాగం నియమం ప్రకారం వస్తువులు చేర్చకూడదు." అనర్హం చేసే ముందు ఆ ఫోటోగ్రాఫర్‌కు జవాబు చెప్పే అవకాశం ఇవ్వండి. ఒక్కోసారి తప్పు ఫ్రేమ్ రా ఫైల్ పంపి ఉంటారు. ఒక్కోసారి నియమాలు ఎక్స్‌పోజర్ బ్లెండింగ్‌ను ఒప్పుకుంటాయి, ఆకాశానికి తీసిన రెండో ఫ్రేమ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. అదే చోటు నుంచి, అదే నిమిషంలో తీసింది అయితే ఆ ఫ్రేమ్‌లోనూ కొమ్మల వరుస, మేఘాల ఆకారం ఎంట్రీతో కలవాలి. కలిస్తే ఎంట్రీ ఉంటుంది.

ఫోన్‌తో తీసినవాళ్ల దగ్గర రా ఫైల్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఫోన్ నుంచి నేరుగా కాపీ చేసిన అసలు ఫైల్, పక్క ఫ్రేములతో సహా అడగండి. మెసేజింగ్ యాప్‌లో పంపిన కాపీ వద్దు, అందులో సగం సమాచారం పోతుంది. గడువులోగా ఏదీ ఇవ్వకపోతే ఆ ఎంట్రీని పక్కన పెట్టి తర్వాతి స్థానంలో ఉన్నదాన్ని పైకి తీసుకోండి. దాని రా ఫైల్ ముందే మీ దగ్గర ఉంది కాబట్టి ఫలితాలు ఆలస్యం కావు.